మధ్యలో తెగిన వీడియో, పెట్టెలో లేని లెన్సు

ప్రశ్న

మా తమ్ముడి కోసం ఆన్‌లైన్‌లో ఒక కెమెరా తెప్పించాను. కెమెరా, చిన్న లెన్సు, దూరంగా ఉన్నవాటిని తీసే పెద్ద లెన్సు కలిపి ఒకే కిట్టుగా వస్తాయి. పార్సిల్ తెరుస్తున్నప్పటి వీడియో లేకపోతే ఫిర్యాదు తీసుకోబోమని ఆ దుకాణం నిబంధనల్లో ఉంది. అందుకని ఫోను స్టాండుకు పెట్టి రికార్డు చేశాను. బయటి అట్టపెట్టెను అన్ని వైపులా చూపించి, టేపు కోసి, లోపలి కెమెరా పెట్టెను తీసి బల్ల మీద పెట్టేసరికి మా అత్తగారి దగ్గర నుంచి ఫోను వచ్చింది. రికార్డింగ్ ఆగిపోయింది. మాట్లాడి వచ్చి, మళ్లీ రికార్డింగ్ మొదలుపెట్టి లోపలి పెట్టె తెరిస్తే పెద్ద లెన్సు ఉండాల్సిన గడి ఖాళీగా ఉంది.

కంగారులో రెండో క్లిప్ మాత్రమే కస్టమర్ కేర్‌కు మెసేజ్ యాప్‌లో పంపాను. ‘సీలు వేసిన పెట్టె ఇందులో కనిపించడం లేదు, ఎక్కడా ఆపకుండా తీసిన పూర్తి వీడియో పంపండి’ అన్నారు. జరిగింది నిజమే కదా, రెండు క్లిప్‌లూ అతికించి ఒకే వీడియోగా పంపేద్దామని మావారు అంటున్నారు. లేబుల్ మీద 3 కిలోలని ఉంది, మా దగ్గరున్నవన్నీ తూస్తే కిలోన్నర కూడా లేదు కాబట్టి డెలివరీ అబ్బాయే తీసి ఉంటాడని, అతని మీద ఫిర్యాదు పెడదామని కూడా ఆయన మాట. అతికించడానికి నాకు మనసు ఒప్పడం లేదు. అలాగని డబ్బు వదులుకోలేను. తమ్ముడికి ఇంకా చెప్పలేదు. ఏం చేయమంటారు?

— ఒక పాఠకురాలు

సమాధానం

అతికించవద్దని నా సలహా. నీతి సంగతి అలా ఉంచినా, అది మీకే నష్టం. ఫోను కెమెరా నుంచి నేరుగా వచ్చిన వీడియో ఫైలులో అది ఎప్పుడు తీశారు, ఏ ఫోనుతో తీశారు వంటి వివరాలు దాగి ఉంటాయి. ఎడిటింగ్ యాప్‌లో రెండు క్లిప్‌లను కలిపి కొత్త ఫైలుగా దాచినప్పుడు ఆ వివరాలు సాధారణంగా చెరిగిపోతాయి. కొన్నిసార్లు వాటి స్థానంలో ఆ యాప్ పేరే వచ్చి కూర్చుంటుంది. ఫైలు లోపలికి చూడనక్కర్లేదు కూడా. అతుకు దగ్గర వెలుతురు ఒక్క క్షణంలో మారుతుంది, మీ చేతులు ఒక చోట మాయమై మరో చోట తేలతాయి, గదిలోని ఫ్యాను చప్పుడు తెగి మళ్లీ మొదలవుతుంది. ఫిర్యాదులు పరిశీలించేవారు మొదట వెతికేది సరిగ్గా ఆ జాగానే. పైగా మీ రెండో క్లిప్ ఇప్పటికే వారి దగ్గర ఉంది. అదే దృశ్యం రేపు అతుకు లేని ఒకే వీడియోలో భాగంగా వచ్చిందంటే, లెన్సు గురించి మాట్లాడటం ఆపి మీ గురించి మాట్లాడతారు. ఇప్పుడు మీ దగ్గరున్నది ఒక ఖాళీ మాత్రమే, అతికిస్తే అది మోసం అవుతుంది. ఖాళీకి జవాబు చెప్పవచ్చు.

జవాబు చెప్పాలంటే ముందు ఆ ఖాళీ ఎంత పెద్దదో తేల్చుకోవాలి. రెండు క్లిప్‌లనూ పెద్ద తెర మీద పెట్టి, మొదటిదాని చివరి పది సెకన్లను, రెండోదాని మొదటి పది సెకన్లను నెమ్మదిగా చూడండి. మూడు విషయాలు గమనించండి. మొదటి క్లిప్ ఆగేలోపు బయటి అట్టపెట్టె లోపలి భాగం ఖాళీగా కనిపించిందా? లోపలి కెమెరా పెట్టెకు తయారీదారు అంటించిన సీలు ఉందా, ఉంటే మొదటి క్లిప్‌లో చెక్కుచెదరకుండా కనిపిస్తోందా? రెండో క్లిప్ మొదలయ్యేసరికి ఆ సీలు అలాగే ఉందా, మీరు దాన్ని కెమెరా ముందే తెంచారా?

మూడింటికీ అవునని జవాబు వస్తే వీడియో తెగిందన్న అభ్యంతరానికి దాదాపు బలం పోయినట్లే. సీలు తెగని పెట్టెలోంచి ఫోను మాట్లాడుతున్న ఆ కొద్దిసేపట్లో లెన్సు బయటికి రాలేదు. బయటి పెట్టె అప్పటికే ఖాళీ అయింది కాబట్టి లెన్సు అందులో మిగిలిపోయే వీలూ లేదు. ఇబ్బంది ఎక్కడంటే, చాలా కెమెరా పెట్టెలకు అసలు సీలే ఉండదు, మూత మడిచి దూర్చి ఉంటుంది. మీది అలాంటిదే అయితే ఆ విరామానికి వీడియో ఒక్కటే జవాబు చెప్పలేదు. అప్పుడు బరువే ఆధారం.

బరువు దగ్గర మీవారు చేసిన లెక్కను ఒక్క క్షణం ఆపాలి. లేబుల్ మీది 3 కిలోలు పార్సిల్ అసలు బరువు కాకపోవచ్చు. కొరియర్ సంస్థలు తేలికైన పెద్ద పెట్టెలకు అవి ఆక్రమించే చోటును బట్టి లెక్క కట్టిన బరువు మీద రుసుము వేస్తాయి. పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగించడం ఎక్కువగా వాడే పద్ధతి. మీ అట్టపెట్టెను టేపుతో కొలవండి. ఉదాహరణకు అది 30, 25, 20 సెంటీమీటర్లు ఉందనుకుందాం. గుణిస్తే 15,000, దాన్ని 5000తో భాగిస్తే సరిగ్గా 3 కిలోలు. మీ కొలతలతోనూ 3 దగ్గరికే వస్తే, లేబుల్ చెబుతున్నది పెట్టె ఎంత పెద్దదో తప్ప లోపల ఏముందో కాదు. కిలోన్నర బరువున్న లెన్సు దొంగతనమైందని అప్పుడు మీరు రాస్తే, ఆ కిట్టు మొత్తం అంత బరువే ఉండదని అవతలివారు ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. మిగతా ఫిర్యాదు మీద వారికున్న నమ్మకమూ దాంతోనే పోతుంది.

పనికొచ్చే బరువు వేరే ఉంది. పార్సిల్‌ను కొరియర్ సార్టింగ్ కేంద్రంలో బెల్టు మీద స్కాన్ చేసేటప్పుడు చాలాచోట్ల యంత్రం దాన్ని తూస్తుంది కూడా. ఆ అసలు బరువు వారి రికార్డులో ఉంటుంది. పంపినవారు దుకాణం వారు కాబట్టి వారు అడిగితే కొరియర్ సులువుగా ఇస్తుంది. అందుకే దుకాణాన్నే అడగాలి, ‘అసలు బరువు’ అనే మాట వాడి అడగాలి. ‘బరువు చెప్పండి’ అంటే మళ్లీ ఆ 3 కిలోలే చెబుతారు.

ఈలోగా మీ వైపు అంకె సిద్ధం చేసుకోండి. వచ్చినవన్నీ, అంటే అట్టపెట్టె, లోపలి పెట్టె, కాగితాలు, గాలి సంచులు, కోసిన టేపు ముక్కలతో సహా, మళ్లీ పెట్టెలో సర్ది తూచండి. కెమెరా, చిన్న లెన్సు మాత్రమే తూచి ఉంటే మీ ‘కిలోన్నర’ తప్పు లెక్క. కాటా మీద నమ్మకం కోసం బరువు ముద్రించి ఉన్న, ఇంకా తెరవని ప్యాకెట్టును ముందుగా పెట్టి చూడండి. ఇలా తూస్తే 1.46 కిలోలు వచ్చిందనుకుందాం. పెద్ద లెన్సు బరువు తయారీదారు వివరాల్లో ఉంటుంది. అది 375 గ్రాములు, మూతలూ చుట్టిన కవరూ మరో 25 గ్రాములు అనుకుంటే, అన్నీ ఉన్న పార్సిల్ 1.86 కిలోల దగ్గర ఉండాలి.

కొరియర్ రికార్డులో 1.45 లాంటి అంకె వస్తే మీ ఇబ్బంది చాలావరకు తీరినట్లే. ఆ పార్సిల్ మీ ఇంటికి చేరకముందే అందులో లెన్సు లేదు. మీ వీడియో తెగిందా లేదా అన్నది అప్పుడు ఎవరికీ అక్కర్లేని ప్రశ్న. 1.85 వస్తే, తూచిన సమయానికి లెన్సు లోపలే ఉందని అర్థం. ఆ తర్వాత దారిలో పోయి ఉండాలి, లేదా మీ ఇంట్లో పోయి ఉండాలి. ఆ రెండో అనుమానాన్ని తీర్చే భారం వీడియో మీద, టేపు మీద పడుతుంది. రెండు మూడు కేంద్రాల్లో తూచి ఉంటే, అంకె ఏ రెండు కేంద్రాల మధ్య పడిపోయిందో అక్కడే లెన్సు పోయింది. ఒక్క చిక్కు మాత్రం ఉండవచ్చు. కొన్ని సంస్థలు బరువును పైకి సవరించి రాస్తాయి. అరకిలో చొప్పున సవరిస్తే 1.46 కాస్తా 1.5 అవుతుంది, 1.86 కాస్తా 2 అవుతుంది, తేడా ఇంకా తెలుస్తుంది. పూర్తి కిలో చొప్పున సవరిస్తే రెండూ 2 అయిపోతాయి, అప్పుడు ఆ రికార్డు ఎవరికీ ఉపయోగపడదు.

డెలివరీ అబ్బాయి సంగతి కూడా ఇక్కడే చెబుతాను. అతని చేతికి రాకముందు ఆ పెట్టె గోదాములో సర్దేవారి నుంచి లారీల్లో ఎక్కించి దించేవారి వరకు ఎందరో చేతులు మారింది. సర్దేటప్పుడే రెండు లెన్సుల కిట్టుకు బదులు ఒకే లెన్సు ఉండే కిట్టు పెట్టెను పొరపాటున వేయడం కూడా జరుగుతుంది. ఆ సంగతి పెట్టె మీది మోడల్ స్టిక్కరులో తెలుస్తుంది. కిట్టు పేరు మీ బిల్లులో ఉన్నదీ, పెట్టె మీద ఉన్నదీ ఒకటేనో కాదో చూడండి. ఆ ఖాళీ గడి నిజంగా లెన్సు కోసం చేసినదో, ఊరికే అట్ట మడతో కూడా చూడండి. పేర్లు కలవకపోతే ఇది దొంగతనం కాదు, వేరే సరుకు రావడం. దాన్ని రుజువు చేయడానికి తెరిచిన వీడియో కూడా అక్కర్లేదు, లేబుల్, స్టిక్కరు, సీరియల్ నంబరు ఫొటోలు ఎక్కువ పనికొస్తాయి. ఏ ఆధారమూ లేకుండా ఒక మనిషి పేరు రాతపూర్వకంగా పెడితే అతని ఉపాధి పోవచ్చు. మీ డబ్బు మాత్రం దాని వల్ల రాదు, ఎందుకంటే మీరు కొన్నది దుకాణం దగ్గర. దారిలో ఏం జరిగిందన్నది దుకాణం, కొరియర్ తేల్చుకోవాల్సిన లెక్క.

అట్టపెట్టెను పారేయకండి. టేపును, ముఖ్యంగా అడుగు అతుకును, వెలుతురులో పరీక్షగా చూడండి. టేపు ఒకటే పొరగా ఉందా, కోసిన గీత మీద మరో టేపు వేశారా, దుకాణం పేరు ముద్రించిన టేపు మధ్యలో మామూలు పారదర్శక టేపు ఉందా? టేపు లాగి తీస్తే అట్ట పైపొర చిరిగి దానితో వస్తుంది. అలా చిరిగిన అట్ట మీద కొత్త టేపు ఉంటే ఎవరో తెరిచి మళ్లీ మూశారనడానికి అది గట్టి గుర్తు. మీ మొదటి క్లిప్‌లో పైభాగం, పక్కలు కనిపించినా అడుగు కనిపించకపోవచ్చు. చాలామంది వీడియోల్లో తప్పిపోయేది అదే. కనిపించకపోతే ఇప్పుడు ఫొటోలు తీయండి. అయితే అవి తెరిచిన తర్వాత తీసినవని మీరే రాయండి.

ఇక పంపడం. మెసేజ్ యాప్‌లో మామూలు వీడియోగా పంపితే అది కుదించుకుపోతుంది. లేబుల్ మీది అక్షరాలు మసకబారతాయి, తీసిన సమయం వివరాలు పోతాయి. 1080 నాణ్యతతో తీసిన వీడియో నిమిషానికి సుమారు 60 నుంచి 130 మెగాబైట్లు ఉంటుంది కాబట్టి ఈమెయిల్‌కు జతచేయడమూ కుదరదు. రెండు ఫైళ్లనూ ఏ మార్పూ లేకుండా క్లౌడ్‌లో పెట్టి లింకు పంపండి. ఫోనులోని అసలు ఫైళ్లను కత్తిరించవద్దు, పేర్లు కూడా మార్చవద్దు. వాటితో పాటు కాల్ లాగ్ చిత్రం పంపండి. మొదటి క్లిప్ ఆగిన నిమిషానికే ఆ కాల్ వచ్చినట్లు, అది ముగిసిన వెంటనే రెండో క్లిప్ మొదలైనట్లు కనిపిస్తే, ఆ విరామానికి మీరు చెప్పే కారణానికి మీ ఫోనే సాక్ష్యం. కొన్ని ఫోన్లు ఫైలు మీద రికార్డింగ్ మొదలైన సమయాన్ని వేస్తాయి, కొన్ని ముగిసిన సమయాన్ని వేస్తాయి. అంకెలు కలవడం లేదనిపిస్తే క్లిప్ నిడివి కలిపి చూడండి.

ఉత్తరం పొడవుగా అక్కర్లేదు. ఇలా ఉంటే చాలు: ‘కాల్ రావడంతో రికార్డింగ్ ఆగింది. రెండు క్లిప్‌లూ మార్చకుండా పంపుతున్నాను, కాల్ లాగ్ జతచేశాను. ఇంతకుముందు రెండో క్లిప్ ఒక్కటే పంపాను. వచ్చినవన్నీ కలిపి బరువు ఇంత. కొరియర్ తూచిన అసలు బరువు ఎంతో, ఎక్కడ తూచారో తెలపండి. సర్దేటప్పటి కెమెరా రికార్డింగ్ ఉంటే చెరిపివేయకుండా ఉంచండి.’ చివరి వాక్యం అలంకారం కోసం కాదు. చాలా పెద్ద గోదాముల్లో సర్దే బల్ల మీద కెమెరాలు ఉంటాయి, కానీ ఆ రికార్డింగులను కొంతకాలానికి చెరిపేస్తారు. ఆలస్యం చేస్తే పోయేది అదే. నిబంధనల్లో ఫిర్యాదుకు గడువు ఎన్ని రోజులో కూడా ఈరోజే చూడండి. మీరు మొదట పంపిన సందేశం గడువు లోపలే ఉంటే దాని తేదీని ఉత్తరంలో రాయండి.

వారు కాదంటే మీ ముందు మూడు దారులు ఉంటాయి. దేనికి ఉండే ఖర్చు దానికి ఉంది.

కార్డుతో చెల్లించి ఉంటే బ్యాంకు ద్వారా ఆ చెల్లింపును వివాదంలో పెట్టవచ్చు. దీన్నే చార్జ్‌బ్యాక్ అంటారు. దీనికి సాధారణంగా 120 రోజుల వరకు సమయం ఉంటుంది, కానీ మీ బ్యాంకు తక్కువ పెట్టి ఉండవచ్చు, కనుక్కోండి. కెమెరా మీ దగ్గరే ఉంది కాబట్టి లెన్సు వాటా వరకే అడగండి, మొత్తం అడిగితే మీ మాట బలహీనపడుతుంది. బ్యాంకుకు కూడా మీరు ఇవే క్లిప్‌లు, ఇవే అంకెలు ఇవ్వాలి. నష్టం ఏమిటంటే, వివాదం మొదలైన తర్వాత దుకాణం మీతో నేరుగా మాట్లాడటం మానేయవచ్చు, ఆ దుకాణంలో మీ ఖాతాను మూసేయవచ్చు కూడా. అందుకే దీన్ని వారి చివరి జవాబు రాతపూర్వకంగా వచ్చాకే వాడటం మేలు.

రెండోది వినియోగదారుల ఫిర్యాదు సంస్థ. ‘వీడియో లేకుంటే ఫిర్యాదు లేదు’ అన్నది దుకాణం తన కోసం రాసుకున్న నిబంధన. చాలా దేశాల్లో కొనుగోలుదారుకు చట్టం ఇచ్చిన హక్కును దుకాణం ఇలా ఒక్క వాక్యంతో తీసేయలేదు. అక్కడ మీ వీడియో ఒక ఆధారం మాత్రమే, ప్రవేశ రుసుము కాదు. బరువు రికార్డు, బిల్లు, ఉత్తరాలు అన్నీ కలిపి చూస్తారు. కాకపోతే సమయం పడుతుంది, ఓపిక కావాలి.

మూడోది కిట్టు మొత్తం వెనక్కి పంపడం. చాలామందికి ఇదే సులువని తోస్తుంది, నాకు మాత్రం అన్నింటికంటే భయం దీని గురించే. లెన్సు లేని పెట్టె మీ ఇంటి నుంచి బయలుదేరితే, అక్కడికి చేరాక ‘కొనుగోలుదారు లెన్సు ఉంచుకుని పంపారు’ అని రాసుకోవడానికి ఒక్క నిమిషం పట్టదు. వెనక్కి పంపేటట్లయితే, లెన్సు లేకుండానే వస్తోందని తమకు తెలుసని దుకాణం ముందుగా రాసి ఇవ్వాలి. సర్దడం మొదలు టేపు వేసి కాటా మీద పెట్టే వరకు వీడియో తీయండి. కొరియర్ మనిషి ఇచ్చే రసీదు మీద బరువు రాయించుకోండి.

దుకాణం ఒప్పుకుని విడిగా లెన్సు పంపిస్తే ఆ పార్సిల్ తెరిచేటప్పుడు ఫోనును ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి. లేదా ఇంట్లో వేరే ఫోనుతో తీయండి. కాటా కూడా బల్ల మీదే ఉండాలి. ముందు ఖాళీ కాటా మీద సున్నా కనిపించాలి, తర్వాత మూసిన పెట్టెను పెట్టి అంకె చూపించాలి. ట్రాకింగ్ నంబరు స్పష్టంగా చదవగలిగేలా లేబుల్ మీద కాసేపు ఆగండి, ఆరు వైపులూ, అడుగుతో సహా, తిప్పి చూపించండి. తెరిచాక ప్రతి కాగితాన్నీ విప్పి, ఖాళీ పెట్టెను కెమెరాకేసి వంచి లోపలి మూలలు చూపించండి. లెన్సు మీది సీరియల్ నంబరూ, పెట్టె మీది నంబరూ ఒకే దృశ్యంలో కనిపించాలి. అంతవరకు పెట్టె కెమెరా చూపులోంచి ఒక్కసారి కూడా తప్పుకోకూడదు.

తమ్ముడికి ఈరోజే చెప్పేయండి. కెమెరా వచ్చిందని వేరొకరి ద్వారా తెలిసి అతను ఉత్సాహంగా ఫొటోలు తీయడం మొదలుపెడితే కష్టం. చాలా కెమెరాల్లో ఇప్పటివరకు ఎన్ని ఫొటోలు తీశారో లోపలే నమోదవుతుంది. ఆ అంకె పెరిగితే, వెనక్కి పంపాల్సి వచ్చినప్పుడు దాన్ని వాడిన సరుకుగా లెక్కకట్టి తిరస్కరించే వీలు దుకాణానికి దొరుకుతుంది. జవాబు వచ్చే వరకు బ్యాటరీ కూడా పెట్టవద్దని అతనికి చెప్పండి.